జర్నల్ క్లబ్‌లో గైడ్‌లైన్ చెప్పడం ఎలా: ఒక రికమండేషన్‌ను విప్పి చూద్దాం

గైడ్‌లైన్ చెప్పే వంతు మీకొచ్చింది. పీడీఎఫ్ తెరిస్తే వంద పేజీలు దాటింది. చాలామంది అప్పుడు చేసే పని ఒకటే: రికమండేషన్ల పట్టికలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, స్లైడ్‌కొకటి అతికించి, "ఇది క్లాస్ వన్, లెవెల్ ఏ... ఇది టూ-ఏ, బి-ఆర్..." అని వరసగా చదివేయడం. పావుగంటయ్యేసరికి వినేవాళ్ల చూపు ఫోన్ల మీదికి పోతుంది. అదంతా వాళ్లు ఇంటి దగ్గర కూర్చుని చదువుకోగలిగిందే కదా.

జర్నల్ క్లబ్‌లో మీ పని వేరు. ఆ అక్షరం ఆ వాక్యం పక్కకు ఎలా వచ్చింది, వాక్యంలోని ఏ మాటకు ఎంత ఆధారం ఉంది అన్నది తేల్చి చెప్పడం. ఇది వంద రికమండేషన్లకు చేయలేం, రెండు మూడింటికి మాత్రం బాగా చేయగలం. ఎలాగో ఒక అసలు ఉదాహరణతో చూద్దాం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ, హార్ట్ ఫెయిల్యూర్ సొసైటీ ఆఫ్ అమెరికా కలిసి 2022 ఏప్రిల్‌లో విడుదల చేసిన హార్ట్ ఫెయిల్యూర్ గైడ్‌లైన్ తీసుకుందాం. అందులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 50 శాతం, ఆపైన ఉన్న పేషెంట్లకు, అంటే హెచ్‌ఎఫ్‌పెఫ్‌లో, ఎస్‌జీఎల్‌టీ2 ఇన్హిబిటర్ల గురించి ఉన్న రికమండేషన్ మన కేసు.

1. ముందు ఒక ప్రశ్న రాసుకోండి

గైడ్‌లైన్ తెరవకముందే కాగితం మీద ఒక ప్రశ్న రాయండి. "హార్ట్ ఫెయిల్యూర్ మేనేజ్‌మెంట్" అన్నది ప్రశ్న కాదు, అధ్యాయం పేరు. "ఎజెక్షన్ ఫ్రాక్షన్ బాగానే ఉన్న హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్‌కు, షుగర్ లేకపోయినా, ఎస్‌జీఎల్‌టీ2 ఇన్హిబిటర్ మొదలుపెడితే ఏం తగ్గుతుంది?" అన్నది ప్రశ్న. దానికి సంబంధించిన రికమండేషన్లు మాత్రమే మీ స్లైడ్లలోకి వస్తాయి. మిగతావి ఎందుకు వదిలేశారని ఎవరైనా అడిగితే ఈ ప్రశ్నే జవాబు.

2. గ్రేడింగ్ పట్టికను ముందుగా చదవండి

ప్రతి గైడ్‌లైన్ మొదటి పేజీల్లోనే క్లాస్‌లకు, లెవెల్స్‌కు అర్థాలు చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. తెలిసిందేలే అని అందరూ దాటేసేది దాన్నే. తర్వాత ప్రశ్నల దగ్గర తడబడేది కూడా దాని గురించే.

అమెరికన్ పద్ధతిలో రెండు వేర్వేరు కొలతలున్నాయి. క్లాస్ అంటే సిఫారసు ఎంత గట్టిది, నష్టంతో పోలిస్తే లాభం ఎంత ఎక్కువ అని ప్యానెల్ నమ్ముతోంది అన్నది. ఇందులో 1, 2ఏ, 2బి ఉంటాయి. 3లో మళ్లీ రెండు రకాలు: లాభం లేదు అనేది ఒకటి, హాని అనేది ఇంకొకటి. లెవెల్ అంటే ఆ నమ్మకం వెనక ఎలాంటి ఆధారం ఉందన్నది. ఏ అంటే ఒకటికి మించిన నాణ్యమైన రాండమైజ్డ్ ట్రయల్స్, లేదా అలాంటి ట్రయల్స్ మెటా-ఎనాలిసిస్, లేదా మంచి రిజిస్ట్రీ డేటా కూడా బలపరిచిన ట్రయల్. బి-ఆర్ అంటే ఒకటో అంతకంటే ఎక్కువో రాండమైజ్డ్ ట్రయల్స్ నుంచి వచ్చిన మధ్యస్థ నాణ్యత గల ఆధారం. బి-ఎన్ఆర్‌లో రాండమైజేషన్ ఉండదు. సి-ఎల్‌డీ అంటే పరిమిత డేటా, సి-ఈవో అంటే నిపుణుల అభిప్రాయం.

ఈ రెండు కొలతలూ కలిసి పెరగాలని, కలిసి తగ్గాలని లేదు. అదే గైడ్‌లైన్‌లో, హార్ట్ ఫెయిల్యూర్ అనుమానం ఉన్నవాళ్లకు మొదట్లోనే ఎకో చేయాలన్న రికమండేషన్ క్లాస్ 1, కానీ లెవెల్ సి-ఎల్‌డీ. ఆధారం తక్కువ కాబట్టి ఎకో అక్కర్లేదని దీని అర్థం కాదు. సగం మందికి ఎకో చేయకుండా వదిలేసే ట్రయల్ ఎవరూ పెట్టరు, అందుకే డేటా పరిమితం. లెవెల్ సి అనగానే "వీక్ రికమండేషన్" అని స్లైడ్ మీద రాసేవాళ్లు చాలామంది ఉంటారు. మీరు ఆ జాబితాలో చేరకండి.

ఇంకో జాగ్రత్త. యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ పట్టికలో లెవెల్ బి కిందికి ఒకే రాండమైజ్డ్ ట్రయల్ వస్తుంది, పెద్ద నాన్-రాండమైజ్డ్ స్టడీలూ వస్తాయి. కాబట్టి అక్కడి బి, ఇక్కడి బి-ఆర్ ఒకటి కావు. గ్రేడ్ అనే పేరున్న ఇంకో పద్ధతి వాడే గైడ్‌లైన్లలో లెక్క మళ్లీ మారిపోతుంది: ఆధారం మీద నమ్మకం హై, మోడరేట్, లో, వెరీ లో అని నాలుగు మెట్లు, సిఫారసు స్ట్రాంగ్ లేదా కండిషనల్. పైగా గ్రేడ్‌లో ఆ నమ్మకాన్ని ఒక్కో ఫలితానికి విడిగా తూస్తారు. ఈ తేడా మన కేసులో బాగా పనికొస్తుంది. ఒక పద్ధతి మార్కులను ఇంకో పద్ధతిలోకి మార్చి స్లైడ్‌లో పెట్టకండి, ఏ గైడ్‌లైన్ గుర్తును ఆ గైడ్‌లైన్ పేరుతోనే చూపించండి.

3. వాక్యాన్ని యథాతథంగా దించుకుని ముక్కలు చేయండి

రికమండేషన్‌ను మీ మాటల్లో రాసే ముందు అసలు వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా నోట్స్‌లోకి ఎక్కించండి. మన కేసులో దాని సారం ఇది: హెచ్‌ఎఫ్‌పెఫ్ ఉన్నవారిలో ఎస్‌జీఎల్‌టీ2 ఇన్హిబిటర్లు హార్ట్ ఫెయిల్యూర్ హాస్పిటలైజేషన్లను, కార్డియోవాస్క్యులర్ మరణాలను తగ్గించడంలో ప్రయోజనకరం కావచ్చు. క్లాస్ 2ఏ, లెవెల్ బి-ఆర్.

ఇప్పుడు దాన్ని నాలుగు గళ్లుగా విడదీయండి. ఎవరికి: హెచ్‌ఎఫ్‌పెఫ్ ఉన్నవారికి. ఏమిటి: ఎస్‌జీఎల్‌టీ2 ఇన్హిబిటర్, ఏ మందు అన్నది చెప్పలేదు, మొత్తం తరగతినే అన్నారు. ఏ ఫలితం కోసం: రెండున్నాయి, హాస్పిటలైజేషన్, మరణం. ఎంత గట్టిగా: క్రియాపదం చూడండి. ఈ పద్ధతిలో ఒక్కో క్లాస్‌కు వాడాల్సిన క్రియాపదాలు ముందే ఖరారై ఉంటాయి. 2ఏకు కేటాయించిన మాట తీసుకెళ్లి స్లైడ్ మీద "ఇవ్వాలి" అని రాస్తే మీరు తెలియకుండానే క్లాస్ పెంచేసినట్టు.

అసలు పని మూడో గడి దగ్గరుంది. ఒక వాక్యం, రెండు ఫలితాలు, ఒకే బి-ఆర్. ఆ బి-ఆర్ రెండింటికీ సమానంగా వర్తిస్తుందా?

4. ఆ అక్షరం వెనకున్న ట్రయల్ దగ్గరికి వెళ్లండి

పట్టిక కింద సపోర్టివ్ టెక్స్ట్ అని చిన్న పేరాలుంటాయి. అందులో రెఫరెన్స్ నంబర్లు ఉంటాయి. వాటిని పట్టుకుని అసలు పేపర్ దాకా వెళ్లాలి, సారాంశంతో ఆగకూడదు. ఎక్కువ సమయం తినేది ఈ మెట్టే, తయారీకి మీకున్న సమయంలో సగం దీనికే పెట్టండి.

మన రికమండేషన్ నిలబడింది ప్రధానంగా ఎంపరర్-ప్రిజర్వ్‌డ్ ట్రయల్ మీద. 2021 ఆగస్టులో వచ్చింది. 5,988 మంది, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం పైన, లక్షణాలు ఉన్నవాళ్లు, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ పెరిగినవాళ్లు. సగానికి కాస్త తక్కువ మందికి షుగర్ ఉంది. ఎంపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. ఒక గ్రూపుకు, ప్లాసిబో ఇంకో గ్రూపుకు, మీడియన్ ఫాలో-అప్ 26 నెలలు.

ప్రైమరీ ఎండ్‌పాయింట్ కాంపోజిట్: కార్డియోవాస్క్యులర్ మరణం లేదా హార్ట్ ఫెయిల్యూర్‌తో హాస్పిటల్‌లో చేరడం, ఏది ముందు జరిగితే అది. మందు తీసుకున్నవాళ్లలో 13.8 శాతం, ప్లాసిబోలో 17.1 శాతం. హజార్డ్ రేషియో 0.79, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.69 నుంచి 0.90. మంచి ఫలితమే. కానీ కాంపోజిట్‌ను విప్పి చూడండి. హాస్పిటలైజేషన్ ఒక్కటే తీసుకుంటే హజార్డ్ రేషియో 0.71, ఇంటర్వెల్ 0.60 నుంచి 0.83. కార్డియోవాస్క్యులర్ మరణం తీసుకుంటే 0.91, ఇంటర్వెల్ 0.76 నుంచి 1.09. అంటే 1ని దాటేసింది. ఏ కారణంతోనైనా మరణం చూస్తే హజార్డ్ రేషియో సరిగ్గా 1.00.

ఇప్పుడు రికమండేషన్ వాక్యం దగ్గరికి వెనక్కి రండి. అది రెండూ తగ్గుతాయంటోంది. ట్రయల్ మాత్రం ఒకటి స్పష్టంగా తగ్గిందని, రెండోది తేలలేదని అంటోంది. ఇది గైడ్‌లైన్‌లో తప్పు దొరికిందని చాటింపు వేయాల్సిన విషయమేమీ కాదు. కాంపోజిట్ ఎండ్‌పాయింట్ గెలిచినప్పుడు అందులోని భాగాలన్నిటినీ వాక్యంలో చేర్చి రాయడం గైడ్‌లైన్లలో తరచూ కనిపించే అలవాటు. కానీ మీ స్లైడ్ ఆ అలవాటును మోసుకెళ్లకూడదు. "మందు వాడితే గుండె మరణాలు తగ్గుతాయి, ఆధారం బి-ఆర్" అని మీరు చెబితే వినేవాళ్లు రేపు వార్డులో పేషెంట్‌కు అదే చెబుతారు.

5. శాతాలను వెయ్యి మంది లెక్కలోకి మార్చండి

హజార్డ్ రేషియోలు చదువుతూ పోతే ఎవరికీ ఏమీ మిగలదు. ప్లాసిబో గ్రూపులోని రేటు తీసుకుని, వెయ్యి మందికి లెక్కేసి, ఫాలో-అప్ కాలం పక్కన రాయండి. మన ట్రయల్‌కు అది ఇలా వస్తుంది:

| వెయ్యి మందిలో, సుమారు 26 నెలల్లో | ప్లాసిబో | ఎంపాగ్లిఫ్లోజిన్ | ఎంతవరకు నమ్మవచ్చు |
|---|---|---|---|
| ప్రైమరీ కాంపోజిట్ | 171 | 138 | తగ్గింది |
| హార్ట్ ఫెయిల్యూర్ హాస్పిటలైజేషన్ | 118 | 86 | తగ్గింది |
| కార్డియోవాస్క్యులర్ మరణం | 82 | 73 | తేలలేదు |
| ఏ కారణంతోనైనా మరణం | 143 | 141 | తేడా కనిపించలేదు |
| జననాంగ ఇన్ఫెక్షన్ | 7 | 22 | పెరిగింది |

ఈ ఒక్క పట్టిక మీ మొత్తం ప్రెజెంటేషన్‌కు వెన్నెముక. కాంపోజిట్‌లో తగ్గిన 33, హాస్పిటలైజేషన్‌లో తగ్గిన 32 పక్కపక్కన కనిపించగానే లాభం ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరు వివరించనక్కర్లేదు. ఎన్‌ఎన్‌టీ చెప్పాలనుకుంటే దాదాపు 31, కానీ "26 నెలలకు, కాంపోజిట్‌కు" అన్న తోక లేకుండా ఆ అంకె చెప్పకండి. హాని వరసను కూడా అదే పట్టికలో, అదే కొలతలో పెట్టండి. లాభాలను ఒక స్లైడ్‌లో వెయ్యికి లెక్కేసి, దుష్ప్రభావాలను వేరే స్లైడ్‌లో "కొద్దిగా ఎక్కువ" అని దాటేస్తే అది తూకం కాదు.

లెక్కేసేటప్పుడు ఒక చిన్న తనిఖీ చేసుకోండి. కాంపోజిట్‌లో ఒక మనిషిని ఒక్కసారే లెక్కిస్తారు. ముందు హాస్పిటల్‌లో చేరి, తర్వాత చనిపోయిన వ్యక్తి హాస్పిటలైజేషన్ వరసలోనూ మరణం వరసలోనూ ఉంటాడు, కాంపోజిట్‌లో మాత్రం ఒక్కసారే. అందుకే 86, 73 కలిపితే 138 రాదు. ఎవరో ఒకరు తప్పకుండా కూడి చూస్తారు, జవాబు దగ్గర పెట్టుకోండి.

6. ఒకే ట్రయల్‌ను రెండుసార్లు లెక్కిస్తున్నారేమో చూడండి

అదే గైడ్‌లైన్‌లో కాస్త పైన, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 41 నుంచి 49 ఉన్నవాళ్లకు కూడా ఇలాంటి రికమండేషనే ఉంది. అదీ 2ఏ, అదీ బి-ఆర్. రెండూ పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు ఆధారాలు ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ రెండిటి కిందా ఉన్నది ఎంపరర్-ప్రిజర్వ్‌డే. ఆ ట్రయల్‌లో దాదాపు మూడో వంతు మంది 50 లోపు ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఉన్నవాళ్లు. 41 నుంచి 49 వాళ్ల రికమండేషన్ ఆ సబ్‌గ్రూప్ నుంచి వచ్చింది, హెచ్‌ఎఫ్‌పెఫ్ రికమండేషన్ అదే ట్రయల్ మొత్తం ఫలితం నుంచి.

సబ్‌గ్రూపుల అంకెలు చూస్తే 50 లోపు వాళ్లలో హజార్డ్ రేషియో 0.71. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 లేదా ఆపైన ఉన్నవాళ్లలో 0.87, ఇంటర్వెల్ 0.69 నుంచి 1.10. ఎజెక్షన్ ఫ్రాక్షన్ పెరిగేకొద్దీ లాభం పలచబడుతోందా అన్న చర్చకు ఇది మంచి మొదలు. మొదలు మాత్రమే. సబ్‌గ్రూప్‌లో ఇంటర్వెల్ 1ని దాటినంత మాత్రాన అక్కడ మందు పనిచేయదని తీర్పు చెప్పకూడదు, మనుషులు తక్కువైతే ఇంటర్వెల్ వెడల్పవడం సహజం.

దీనితో పోల్చి చూపించడానికి ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40, ఆ లోపు ఉన్నవాళ్ల రికమండేషన్‌ను ఒక్క వరసలో పెట్టండి. అది క్లాస్ 1, లెవెల్ ఏ. దాని కింద డాపా-హెచ్‌ఎఫ్, ఎంపరర్-రెడ్యూస్డ్ అనే రెండు పెద్ద ట్రయల్స్ ఉన్నాయి. డాపా-హెచ్‌ఎఫ్‌లో కార్డియోవాస్క్యులర్ మరణానికి హజార్డ్ రేషియో 0.82, ఇంటర్వెల్ 0.69 నుంచి 0.98. ఏకు బి-ఆర్‌కు తేడా ఏమిటని ఎవరైనా అడిగితే ఈ వరస చూపిస్తే చాలు. బి-ఆర్ వచ్చిందంటే ఎంపరర్-ప్రిజర్వ్‌డ్ బాగోలేదని కాదు. అప్పటికి చేతిలో ఉన్న పెద్ద ట్రయల్ అదొక్కటే.

7. తేదీలు రాయండి

గైడ్‌లైన్ ప్రచురణ తేదీ కంటే దాని లిటరేచర్ సెర్చ్ ఎప్పుడు ఆగిందన్నది ముఖ్యం. మెథడాలజీ సెక్షన్‌లో దొరుకుతుంది. మన గైడ్‌లైన్ 2021 సెప్టెంబర్ వరకు వచ్చిన ముఖ్యమైన స్టడీలను తీసుకుంది. కాబట్టి ఎంపరర్-ప్రిజర్వ్‌డ్ అందింది, 2022 ఆగస్టులో వచ్చిన డెలివర్ ట్రయల్ అందలేదు. డెలివర్‌లో 6,263 మంది, డాపాగ్లిఫ్లోజిన్, ప్రైమరీ ఎండ్‌పాయింట్‌కు హజార్డ్ రేషియో 0.82. కార్డియోవాస్క్యులర్ మరణానికి 0.88, ఇంటర్వెల్ 0.74 నుంచి 1.05, మళ్లీ అదే కథ.

ఇక్కడ యూరోపియన్ గైడ్‌లైన్‌తో పోల్చి చూస్తే తేదీల ప్రభావం కళ్లకు కడుతుంది. వాళ్ల 2021 గైడ్‌లైన్ ఎంపరర్-ప్రిజర్వ్‌డ్ బయటికి వచ్చిన ఆగస్టు 27నే విడుదలైంది, అందుకే అందులో హెచ్‌ఎఫ్‌పెఫ్‌కు ఈ మందుల రికమండేషనే లేదు. 2023 ఆగస్టులో వచ్చిన ఫోకస్డ్ అప్‌డేట్‌లో నేరుగా క్లాస్ 1, లెవెల్ ఏ. రెండేళ్లలో ఏమీ లేని స్థితి నుంచి పై మెట్టుకు చేరింది. లెవెల్ మారడానికి కారణం తేలికే, రెండో ట్రయల్ వచ్చింది. అమెరికన్ 2ఏకు, యూరోపియన్ 1కి తేడా మాత్రం కొంత కొత్త ఆధారం, కొంత ప్యానెల్ నిర్ణయం. ఈ రెండింటినీ వేరు చేసి చెప్పండి.

ఆ యూరోపియన్ పట్టిక కింద ఒక ఫుట్‌నోట్ ఉంది, తప్పకుండా చదవండి. రికమండేషన్ కాంపోజిట్ ఎండ్‌పాయింట్ మీద ఆధారపడిందని, గణనీయంగా తగ్గింది హాస్పిటలైజేషన్లేనని, కార్డియోవాస్క్యులర్ మరణం తగ్గలేదని వాళ్లే రాశారు. మీరు నాలుగో మెట్టులో తవ్వి తీసిన విషయం అక్కడ చిన్న అక్షరాల్లో కూర్చుని ఉంది. రెండు ట్రయల్స్ కలిపిన మెటా-ఎనాలిసిస్‌లో కార్డియోవాస్క్యులర్ మరణానికి హజార్డ్ రేషియో 0.88, ఇంటర్వెల్ 0.77 నుంచి 1.00. గీత మీద నిలబడిన అంకె. దాన్ని "తగ్గింది" అని ఒకరు, "తగ్గలేదు" అని ఒకరు వాదిస్తారు. వాదించుకోనివ్వండి, జర్నల్ క్లబ్ పెట్టేది అందుకే.

8. ప్యానెల్ వివరాలు

రాసినవాళ్లెవరు, కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ పట్టిక ఎక్కడుంది, సంబంధం ఉన్నవాళ్లు ఓటింగ్ నుంచి తప్పుకున్నారా అన్నవి అనుబంధంలో చూసి ఒక్క వాక్యంలో చెప్పండి. ట్రయల్‌కు డబ్బు పెట్టింది ఎవరన్నది కూడా అంతే, ఒక్క వాక్యం. దీనికి స్లైడ్ అక్కర్లేదు.

9. స్లైడ్లు

ఇంత పని చేశాక స్లైడ్లు ఆరు మించవు. ప్రశ్న ఒకటి. గ్రేడింగ్ అర్థాలు ఒకటి, పట్టిక మొత్తం కాదు, మీరు వాడబోయే మూడు నాలుగు గుర్తులు మాత్రమే. రికమండేషన్ యథాతథ వాక్యం, దాని నాలుగు గళ్లతో ఒకటి. వెయ్యి మంది పట్టిక ఒకటి. తేదీల వరస ఒకటి. చివరిది మీ తీర్పు.

తీర్పు స్లైడ్‌ను ఫలితం వారీగా రాయండి, రికమండేషన్ వారీగా కాదు. మన కేసుకు నేనైతే ఇలా రాస్తాను: "హాస్పిటలైజేషన్ తగ్గుతుంది: రెండు పెద్ద ట్రయల్స్ ఒకే మాట చెబుతున్నాయి. కార్డియోవాస్క్యులర్ మరణం: తగ్గుతుందని చెప్పడానికి ఈ ఆధారం చాలదు. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 పైన: లాభం ఎంతో స్పష్టం కాదు." గైడ్‌లైన్ ఇచ్చిన క్లాస్, లెవెల్ పక్కనే ఉంచండి, మీ వాక్యం మీదని తెలిసేలా వేరే రంగులో పెట్టండి. రెండూ కలిసిపోతే "ఇది గైడ్‌లైన్ అన్నదా, నువ్వన్నదా?" అన్న ప్రశ్న వస్తుంది, అప్పుడు వెతుక్కోవాల్సి వస్తుంది.

10. రాబోయే ప్రశ్నలు

మూడు ప్రశ్నలు దాదాపు ఖాయం. "ట్రయల్ ఎంపాగ్లిఫ్లోజిన్‌తో చేస్తే మొత్తం తరగతికి ఎందుకు ఇచ్చారు?" 2022లో అది ఎక్స్‌ట్రాపొలేషన్, డెలివర్ వచ్చాక రెండు మందులకు ఆధారం ఉంది. 2023 యూరోపియన్ వాక్యం ఆ రెండు మందుల పేర్లే చెప్పింది. "మన పేషెంట్లు ఈ ట్రయల్‌లోకి వచ్చేవాళ్లేనా?" ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ కటాఫ్ 300 పైన, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే 900 పైన, ఈజీఎఫ్ఆర్ కనీసం 20. ఆయాసం ఉండి ఎకో బాగానే ఉందని హెచ్‌ఎఫ్‌పెఫ్ ముద్ర వేసిన ప్రతివాళ్లూ ఇందులోకి రారు. మూడోది, "అయితే ఇవ్వాలా వద్దా?" దీనికి వెయ్యి మంది పట్టికను మళ్లీ తెర మీదికి తెచ్చి, హాస్పిటల్‌లో చేరకుండా ఉండటం పేషెంట్‌కు ఎంత విలువైనదో వార్డులోని ఒక అసలు కేసు పెట్టి చర్చను వాళ్లకే వదిలేయండి.